108కి ఫోన్ చేసినప్పుడు ముందు చెప్పాల్సింది ఊరూ పేరూ

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో శాంతినగర్ ఎక్కడుంది అని అడిగితే మాసబ్ ట్యాంక్ వాళ్లు ఒకటి చూపిస్తారు, కూకట్‌పల్లి వాళ్లు ఇంకొకటి చూపిస్తారు. సాయినగర్, వెంకటేశ్వర కాలనీ, గాంధీనగర్ సంగతీ అంతే. మామూలు రోజుల్లో దీనివల్ల కొరియర్ ఆలస్యమవుతుంది. అంబులెన్స్ కోసం ఫోన్ చేసినప్పుడు మాత్రం ఇది చాలా పెద్ద విషయం. 108కి వచ్చే కాల్ ఎత్తేవారు మన వీధి చివర కూర్చుని ఉండరు. రాష్ట్రమంతటి నుంచీ వచ్చే కాల్స్ వాళ్లే చూస్తారు. 'హనుమాన్ గుడి దగ్గర' అంటే ఏ గుడి అని వాళ్లు అడగక తప్పదు.

మొన్న వర్షాకాలంలో మా సందులో ఒక పెద్దాయన బాత్రూంలో పడిపోయారు. కొడుకు ఫోన్ చేసి, 'నాన్న పడిపోయారు, తొందరగా రండి' అని అరుస్తున్నాడు. అవతలివారు ఏ ఏరియా అని అడుగుతుంటే, వేళాకోళంగా ఉందా అని కోప్పడుతున్నాడు. టెన్షన్‌లో ఎవరికైనా అలాగే ఉంటుంది, ఆ అబ్బాయిని తప్పుపట్టలేం. అప్పుడు పక్కింటి అక్క ఫోన్ తీసుకున్నారు. ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ చెప్పింది దాదాపు ఇదీ:

'హైదరాబాద్, కూకట్‌పల్లి, శాంతినగర్. మెయిన్ రోడ్డు మీద పెట్రోల్ బంక్ ఎదురుగా ఉన్న సందులో ఎడమవైపు నాలుగో బిల్డింగ్, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. డెబ్బై ఏళ్ల మగమనిషి. మెలకువగానే ఉన్నారు, ఊపిరి మామూలుగానే ఉంది. మూతి ఒక పక్కకు పోయింది, కుడి చెయ్యి లేవట్లేదు. ఏడింటికి టీ తాగినప్పుడు బాగానే ఉన్నారు. ఈ నంబరు కాదు, నా నంబరు రాసుకోండి.'

ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. చోటు ముందు చెప్పడం ఎందుకంటే, మధ్యలో ఫోన్ కట్టయినా బండి ఎటు వెళ్లాలో వాళ్లకు తెలిసిపోతుంది. అదీ పెద్ద ఏరియాతో మొదలుపెట్టి సందు దాకా రావాలి. లిఫ్ట్ లేదని తెలిస్తే స్ట్రెచర్ దింపడానికి మనుషుల్ని ముందే పోగుచేయొచ్చు. 'ఏడింటికి బాగానే ఉన్నారు' అన్న మాట పక్షవాతంలో చాలా విలువైనది. మెదడులో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ఆ లెక్క పడిపోయినట్టు మనం చూసిన క్షణం నుంచి కాదు, చివరిసారి బాగున్న సమయం నుంచి మొదలవుతుంది.

నంబరు మార్చి ఇవ్వడం గురించి ఇంకొంచెం చెప్పాలి. అంబులెన్స్ నడిపే పైలట్ దారి కోసం తిరిగి ఫోన్ చేస్తాడు. ఆ సమయానికి కొడుకు ఫోన్‌లో బాబాయి, అత్తయ్య, ఆఫీసువాళ్లు వరసగా మాట్లాడుతుంటే లైన్ దొరకదు. అందుకే ఒక ఫోన్ ఎవరితోనూ మాట్లాడకుండా ఖాళీగా ఉంచాలి, చార్జింగ్ ఉన్నది ఇవ్వాలి. వాట్సాప్‌లో లొకేషన్ పంపితే చాలని చాలామంది అనుకుంటున్నారు. అది మంచిదే, పైలట్ ఫోన్ చేసినప్పుడు పంపండి. కానీ ఏ గేటు తెరిచి ఉందో ఆ మ్యాప్ చెప్పదు. మెయిన్ రోడ్డు మలుపులో ఒక మనిషి నిలబడి చెయ్యి ఊపాలి.

ఇంకో సంగతి. మనిషికి స్పృహ లేకుండా, ఆగి ఆగి గురకలాంటి శబ్దం వస్తుంటే 'ఊపిరి ఉంది' అని చెప్పకండి. అది గుండె ఆగినప్పుడు కూడా వస్తుంది. విన్నది విన్నట్టు చెప్పి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, వాళ్లు చెప్పినట్టు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. వాళ్లు పెట్టేయమనే దాకా మనం ఫోన్ పెట్టకూడదు.

రోడ్డు మీదైతే మెట్రో పిల్లర్ నంబరు చాలా సాయం చేస్తుంది. ముందున్న ఇంగ్లిష్ అక్షరంతో సహా చదివి చెప్పాలి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న ఫ్లైఓవర్ పిల్లర్లకూ నంబర్లున్నాయి. ఔటర్ మీద కిలోమీటరు రాయి చూసి చెప్పాలి. ఎటు నుంచి ఎటు వెళ్లే వైపో చెప్పకపోతే బండి డివైడర్ అవతలకి వచ్చి, మళ్లీ ఎక్కడో తిరిగి రావాల్సివస్తుంది.

మీ పత్రిక ద్వారా అధికారులను ఒకటి కోరుతున్నాను. మా వీధి బోర్డు మీద ఎన్నికలనాటి పోస్టర్లు ఇంకా ఉన్నాయి, పేరు కనిపించదు. కాలనీ బోర్డులన్నీ శుభ్రం చేయించి, కాలనీ పేరు కింద ఏరియా పేరు, పిన్‌కోడ్ కూడా రాయించండి. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు, ఇంట్లో ఒంటరిగా ఉన్న పిల్లలకు ఫోన్‌లో చదివి చెప్పడానికి అదొక్కటైనా ఉంటుంది.

— ఒక కాలనీ సంక్షేమ సంఘం సభ్యుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్