వ్యాప్తి అంటే పొగ పాకడం కాదు

సంపాదకులకు,

అయ్యా,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, కంటికి కనబడేదే ప్రమాణమనీ పరలోకం లేదనీ వాదించిన చార్వాకుల మీద అరపేజీ వ్యాసం వేశారు. తెలిసినవాళ్లెవరైనా రాస్తారేమోనని ఐదు రోజులు చూశాను. ఎవరూ రాయలేదు. గోరా నాస్తిక కేంద్రాన్ని 1947లో తెచ్చి పెట్టిన విజయవాడ నుంచి అచ్చయ్యే పత్రికలో ఇలాంటి వ్యాసం వచ్చినా ఎవరికీ చీమ కుట్టినట్టు లేదు.

ముందుగా ఆ ఒక్క మాట. "వ్యాప్తి, అనగా పొగ నలుదిశలా వ్యాపించడం" అని రాశారు. తర్కంలో వ్యాప్తి అంటే పొగ పాకడం కాదండీ. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉండి తీరుతుందనే విడదీయరాని సంబంధానికి ఆ పేరు. పొరపాటు వాక్యం మధ్యలో ఎక్కడో ఉంటే వదిలేద్దును, కానీ చార్వాకుల వాదమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. తరవాతి వాక్యంలో "ఉపాధి లేకపోవడం" అని కూడా వేశారు. నిరుద్యోగం గురించి అనుకున్నవాళ్లు ఉంటారు, వాళ్ల తప్పేమీ లేదు.

చార్వాకుడు "పొగ చూసినా నిప్పుందని అనుకోకండి" అంటాడని మీ వ్యాసం చెప్పింది. అతను అడిగేది వేరు. కొండ మీద పొగ కనబడింది, కాబట్టి నిప్పుంది అనాలంటే, పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందని మీకు ముందే తెలిసి ఉండాలి. అది ఎలా తెలిసింది? పద్నాలుగో శతాబ్దిలో మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహం మొదటి అధ్యాయంలో ఈ ప్రశ్నను ఒక్కో గుమ్మం దగ్గరికీ తీసుకెళతాడు. కంటితో తెలిసిందంటారా? కన్ను ఎదుట ఉన్న వంటింటినే చూస్తుంది. నిన్న ఆరిపోయిన పొయ్యినీ రేపు వెలిగించబోయే పొయ్యినీ చూడదు. మనసుతో తెలిసిందంటారా? బయటి వస్తువుల విషయంలో మనసు ఇంద్రియాలు తెచ్చి ఇచ్చిందే తీసుకుంటుంది. పోనీ అనుమానంతోనే తెలిసిందంటే, ఆ అనుమానానికి ఇంకో వ్యాప్తి కావాలి, దానికి ఇంకొకటి, ఎక్కడా ఆగదు. (ఇక్కడ అనుమానం అంటే ఊహించి నిర్ధారించడం. పోలీసులు "అనుమానాస్పద మృతి" అని రాసుకునేది కాదు.) పెద్దలు చెప్పగా తెలిసిందంటే, ఎవరూ చెప్పనివాడు తనంతట తాను పొగ చూసి నిప్పును ఊహించనే లేడని ఒప్పుకోవాలి.

ఇక ఉపాధి. తార్కికులు తామే ఇచ్చే ఉదాహరణ ఇది. "నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది" అనే మాట చెల్లదు. మన వీధి చివర ఇస్త్రీ బండివాడి పెట్టెలో బొగ్గులు కణకణలాడుతుంటాయి, పొగ రాదు. పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి. పొగ వచ్చే ప్రతిచోటా ఆ తడి కట్టె ఉంటుంది, నిప్పున్న ప్రతిచోటా ఉండదు. పైకి కనబడకుండా లోపల ఉండి పని నడిపించే ఈ షరతునే ఉపాధి అంటారు. చార్వాకుడు ఇదే ఉదాహరణను తీసుకుని ఎదురుతిప్పుతాడు: నిప్పు నుంచి పొగకు వెళ్లేటప్పుడు ఇలాంటి షరతు దాగి ఉందని మీరే చూపించారు, మరి పొగ నుంచి నిప్పుకు వెళ్లేటప్పుడు ఏదీ దాగి లేదని ఎవరు హామీ ఇచ్చారు? ఫలానాది ఉపాధి అని తేల్చడానికే ఏది దేనిని వదలకుండా ఉంటుందో తెలియాలి, అంటే వ్యాప్తి కావాలి. వ్యాప్తి తేలాలంటే ఉపాధి లేదని తెలియాలి. ఒకదాని కోసం ఇంకొకటి కూర్చుని ఉంటాయి.

పెళ్లి రిసెప్షన్ వేదిక మీద డ్రై ఐస్‌ను వేడినీళ్లలో వేసి వదిలే తెల్లటి మబ్బును చూసి, "అదిగో నిప్పు లేని పొగ" అనేవాళ్లున్నారు. తార్కికుడు ఒప్పుకోడు. అది పొగే కాదు, చల్లబడిన గాలిలోని తేమ, నువ్వు గుర్తుగా తీసుకున్న హేతువునే తప్పుగా చూశావంటాడు. నిజమే. కానీ పొగ ఏది, మబ్బు ఏది అని తేల్చడానికి "నిప్పు నుంచి వచ్చిందే పొగ" అన్నాడో, దొరికిపోయాడు. పొగ చూశాననడానికి ముందే నిప్పు సంగతి తెలిసుండాలన్నమాట. తెలిస్తే ఇక అనుమానం ఎందుకు?

"మరి చార్వాకుడు అన్నం ఎలా వండుకుంటాడో!" అని మీ వ్యాసకర్త చమత్కరించారు. సొంత చమత్కారమేమీ కాదు. వెయ్యేళ్ల కిందట తార్కికుడైన ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో దీన్నే సరిగ్గా వాదించాడు. తాను నమ్మి నడుచుకునే సంబంధాన్నే సందేహిస్తున్నానంటే చేతకూ మాటకూ పొంతన ఉండదు, సందేహం అక్కడ ఆగాలి అన్నాడు. బలమైన జవాబే. అయితే చార్వాకుల సమాధానమూ ఉంది, మీరు ఎదుట పెట్టుకుని రాసిన సర్వదర్శనసంగ్రహం మొదటి అధ్యాయంలోనే ఉంది: పొగ చూసి నిప్పు కోసం వెళ్లడం పూర్వం చూసిన అలవాటు వల్లో భ్రాంతి వల్లో జరుగుతుంది, దొరకడం యాదృచ్ఛికం. ఇది నాకు అంత రుచించదు. రోజూ పూటపూటకీ దొరికేదాన్ని యాదృచ్ఛికమంటే వినేవాడు నవ్వుతాడు. ఇంతకన్నా మెరుగైన మాట చార్వాకుల్లోనే ఒకడైన పురందరుడిది. ఎనిమిదో శతాబ్దిలో బౌద్ధుడైన కమలశీలుడు దాన్ని ఉదహరించాడు: లోకంలో అందరూ వాడే అనుమానం చార్వాకులకు సమ్మతమే, లోకమార్గం దాటి చేసేదాన్నే వాళ్లు నిషేధిస్తారు. అంటే పొగ నుంచి పొయ్యి దాకా రావచ్చు. పొగనీ నిప్పునీ ఎన్నోసార్లు పక్కపక్కన చూశాం. పరలోకాన్ని దేని పక్కన చూశాం? అన్ని అనుమానాలనూ ఒకే గాటన కట్టేయడం మీ వ్యాసం చేసిన పని, పురందరుడిది కాదు.

ఇదంతా పండితుల గోల అనుకోకండి. "ఎంత వాన పడ్డా మా వీధిలో మోకాలు దాటదు" అనేది చాలా ఏళ్ల చూపు మీద కట్టుకున్న వ్యాప్తే. అందులో దాగిన ఉపాధి బుడమేరు కట్ట. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ కట్టకు గండ్లు పడ్డాక సింగ్‌నగర్ వాసులకు ఉపాధి అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పనక్కర లేకపోయింది. ఇక ఆఫీసుల్లో వినబడే మహావాక్యం: "ఫిర్యాదులు రాలేదు కాబట్టి సమస్య లేదు". అక్కడి ఉపాధి, ఫోను ఎత్తే మనిషి ఉండటం. ఎత్తని ఫోనుకు ఫిర్యాదు ఎలా వస్తుంది? సమీక్షల్లో పెద్దపెద్ద ఫైళ్లు ముందేసుకుని కూర్చునేవాళ్లలో ఒక్కరూ ఆ ప్రశ్న అడగరు. పురందరుడి పాటి జాగ్రత్త కూడా లేదు.

చివరగా అప్పు చేసి నెయ్యి తాగడం. దాన్ని శీర్షికగా పెట్టారు, పక్కన నేతిగిన్నె బొమ్మ కూడా. చార్వాకుల మూలసూత్రాలు మనకు దక్కలేదు. దక్కిందంతా వాళ్లను ఖండించినవాళ్లు ఉటంకించిందే. సర్వదర్శనసంగ్రహంలో ఆ శ్లోకం రెండుసార్లు వస్తుంది. అధ్యాయం మొదట్లో "నాస్తి మృత్యోరగోచరః", అంటే మృత్యువు కంటపడనిది ఏదీ లేదని ఉంది. చివరికి వచ్చేసరికి అదే చోట "ఋణం కృత్వా ఘృతం పిబేత్" వచ్చి కూర్చుంది. ఒకే అధ్యాయంలో ఒకే శ్లోకం రెండు రకాలుగా ఉంటే, రెండోదాన్నే పట్టుకుని వాళ్ల సిద్ధాంతమంతా ఇదేనని శీర్షిక పెట్టేముందు ఎవరో ఒకరు మొదటి పేజీ తిప్పి చూడాల్సింది. ప్రూఫు చూసేవాళ్లు ఇంకా ఉన్నారనే అనుకుంటున్నాను.

సవరణ వేస్తే ఆదివారం అనుబంధంలోనే వేయండి. లోపలి పేజీలో టెండరు ప్రకటనల కింద వేస్తే, వేశారని మేం అనుమాన ప్రమాణంతో తెలుసుకోవాల్సి వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు