7520Uని ‘లేటెస్ట్ జనరేషన్’ అని అమ్మినందుకు ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగానికి,

నమస్తే. గత శనివారం మారతహళ్లిలోని మీ షోరూంలో మా తమ్ముడి కోసం 42,990 రూపాయలు పెట్టి ల్యాప్‌టాప్ కొన్నాను. వాడు ఈ ఏడే ఇంజనీరింగ్‌లో చేరాడు, ఆండ్రాయిడ్ యాప్‌లు రాయడం నేర్చుకుంటున్నాడు. ధర కార్డు మీద ‘రైజెన్ 5, 7000 సిరీస్, లేటెస్ట్ జనరేషన్’ అని ఉంది, అంతే. పూర్తి మోడల్ నంబర్ ఎక్కడా లేదు. అక్కడున్న అబ్బాయి హిందూపురం వాడట, తెలుగులోనే మాట్లాడాడు. “అన్నా, మీ దగ్గరున్నది 5000 కదా, ఇది 7000, రెండు జనరేషన్లు ముందుంది, ర్యామ్ కూడా తర్వాత పెంచుకోవచ్చు” అన్నాడు. అతన్ని తప్పుపట్టడం లేదు, మీరు ఇచ్చిన కార్డులో ఉన్నదే చెప్పాడు.

ఇంటికొచ్చి పవర్‌షెల్ తెరిచి ఇది కొట్టాను:

```
Get-CimInstance Win32_Processor | Select-Object Name, NumberOfCores
```

పేరు దగ్గర Ryzen 5 7520U అని, కోర్ల దగ్గర 4 అని వచ్చింది. 2021లో కొన్న నా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నది Ryzen 5 5500U, దానికి 6 కోర్లు. ఒకే ప్రాజెక్టును రెండింటిలోనూ బిల్డ్ చేసి చూశాను. పాతదానిలో 4 నిమిషాలు పట్టింది, కొత్తదానిలో 6 దాటింది.

ఎందుకంటే కొత్తదానికి కోర్లు తక్కువ, రెండింటి లోపలా ఉన్న కోర్ డిజైన్ మాత్రం ఒకటే, జెన్ 2. అది మొదట మార్కెట్లోకి వచ్చింది 2019లో. 7520U చిప్ 2022లో విడుదలైన మాట నిజమే, తయారీ కూడా కొత్త 6 నానోమీటర్ల పద్ధతిలోనే జరిగింది, కాబట్టి పాత సరుకు అమ్మారని నేను అనడం లేదు. కానీ కొనేవాడు ‘జనరేషన్’ అన్న మాట వినగానే లోపలి కోర్ కూడా కొత్తదే అనుకుంటాడు, నేనూ అలాగే అనుకున్నాను.

ఏఎండీ ఈ సిరీస్ ల్యాప్‌టాప్ చిప్‌లకు ఏ అంకె ఏం చెబుతుందో తనే ప్రకటించింది. 7520లో మొదటి 7 అంటే 2023 మోడల్ సంవత్సరం. రెండో అంకె 5 అంటే రైజెన్ 5 స్థాయి. అసలు చూడాల్సింది మూడో అంకె, కోర్ డిజైన్ చెప్పేది అదే. అక్కడ 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3 లేదా దాన్ని కాస్త మెరుగుపరిచిన జెన్ 3 ప్లస్, 4 ఉంటే జెన్ 4. అంటే 7520U, 7530U, 7540U మూడూ ‘రైజెన్ 5 7000 సిరీసే’, మూడింటి లోపలా మూడు వేర్వేరు కోర్లు. వీటిలో 7530U, 7540U రెండింటికీ 6 కోర్లు, 7520Uకి నాలుగే. మీ కార్డు మీద ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి.

చివరి అక్షరం గురించి కూడా అడిగాను, U అంటే కొత్తదని అక్కడ చెప్పారు. కాదు. U అంటే తక్కువ కరెంటుతో నడిచే తరగతి, HS అంటే దానికంటే ఎక్కువ పవర్ తీసుకునేది, అంతేగానీ ఆ అక్షరానికీ చిప్ వయసుకీ సంబంధం లేదు. ఈ అంకెల లెక్క కూడా 7000, 8000 ల్యాప్‌టాప్ చిప్‌లకే, డెస్క్‌టాప్ చిప్‌లకు పనిచేయదు. మా పాత 5500U పేరు కూడా ఈ లెక్కలోకి రాదు. అందుకే ‘సిరీస్’ అని రాసి వదిలేస్తే కొనేవాడికి ఏమీ తెలియదు, పూర్తి నంబర్ కావాలి.

ఇక ర్యామ్. 7520U తీసుకునేది ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్‌ను మాత్రమే, ఈ ల్యాప్‌టాప్‌లో అది బోర్డుకే అతికించి ఉంది, వేరే స్లాట్ లేదు. 8 జీబీతోనే నాలుగేళ్లు గడపాలి. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ రెండూ తెరిస్తే అది ఇప్పుడే నిండిపోతోంది. పెంచుకోవచ్చన్న మాట నమ్మే 8 జీబీ తీసుకున్నాను, నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే.

ఆ చిప్ పనికిరానిదని నేను అనను. బ్రౌజింగ్‌కి, ఆన్‌లైన్ క్లాసులకి, ఆఫీసు ఫైళ్లకి సరిపోతుంది, అలా చెప్పి అమ్మితే ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. మా అవసరం ఏమిటో కౌంటర్ దగ్గర రెండుసార్లు చెప్పాం.

ఈ ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకుని 7530U లేదా 7535HS ఉన్న 16 జీబీ మోడల్ ఇవ్వండి, ధరలో తేడా ఎంతైతే అంత కడతాను. అది కుదరకపోతే డబ్బు మొత్తం తిరిగి ఇవ్వండి. బిల్లు, ధర కార్డు ఫోటో, పై కమాండ్ స్క్రీన్‌షాట్ జత చేశాను. షోరూంలో ప్రతి కార్డు మీదా చిప్ పూర్తి నంబర్, కోర్ల సంఖ్య, ర్యామ్ మార్చుకోవచ్చో లేదో రాయించండి. పది రోజుల్లో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను.

ఇట్లు,
మీ కస్టమర్, మారతహళ్లి, బెంగళూరు