ఈ ఏడాది ఆవకాయ ఎవరు కలిపారంటే

"మీ మేనల్లుడు దుకాణంలో కనబడటం లేదేమిటి? ఆవకాయ ఇప్పుడు ఎవరు పెడుతున్నారు? మనిషికి రెండు కిలోలకు మించి ఎందుకు ఇవ్వడం లేదు?"

ఏళ్ల తరబడి విజయవాడలోని మా దుకాణంలోనే పచ్చళ్లు కొంటున్నవారు ఫోన్లలో అడుగుతున్న ప్రశ్నలివి. మూడింటికీ మూలం ఒక్కటే కనుక, బంధువుల నోట మరో రూపంలో మీకు చేరకముందే నేనే చెబుతున్నాను.

మా దగ్గర మొదటినుంచీ ఆవకాయ కలిపిన పెద్దావిడకు చూపు తగ్గి, కిందటి వేసవితో పని మానుకున్నారు. ఆ స్థానం తన కొడుకుదే అని మా అక్క, బావగారు అనుకున్నారు. అనుకోవడానికి కారణం ఉంది. దుకాణం పెట్టేటప్పుడు బ్యాంకు కాదన్న సొమ్మును బావగారు వడ్డీ లేకుండా, నోటు రాయించుకోకుండా ఇచ్చారు. మేనల్లుడు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, రెండు సీజన్లు మా కౌంటరు దగ్గర కూర్చున్నాడు. చేతివాటం ఎరగనివాడు. గల్లాపెట్టె ఎవరికైనా అప్పగించి ఊరు వెళ్లాలంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది అతడే. చిన్న దుకాణాలవాళ్లం బంధువులను పెట్టుకునేది ప్రేమ వల్ల మాత్రమే కాదు, కొత్తవారిని కనిపెట్టి ఉండేందుకు అయ్యే ఖర్చు మేం భరించలేక కూడా. అయితే గల్లాపెట్టె దగ్గర అక్కరకు వచ్చే నమ్మకం జాడీ దగ్గర చాలదు.

అందుకని పరీక్ష పెట్టాను. మేనల్లుడు, క్యాటరింగులో పనిచేసిన ఒక కుర్రవాడు, తెలిసినవారి సిఫారసు ఏదీ లేకుండా గోడమీది కాగితం చూసి వచ్చిన ఒక ఆవిడ, ఈ ముగ్గురికీ నూజివీడు నుంచి వచ్చిన ఒకే గంపలోని చిన్నరసాలు ఇచ్చాను. అందులో టెంక ఇంకా ముదరని కాయలు కొన్ని కావాలనే ఉంచాను. కల్లుప్పు కూడా ఎండబెట్టని బస్తాలోదే దంచి ఇచ్చాను. కాయ ఎంపిక, ఉప్పు చూసుకోవడం ముందు, రుచి తరువాత అని పెద్దావిడతో కూర్చుని పరీక్షకు ముందే కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని బావగారికి కూడా చూపించాను. "కాగితాలు పరాయివాళ్లకు పెట్టుకో" అన్నారాయన.

మేనల్లుడు మధ్యాహ్నంలోగా పని ముగించాడు. ముక్కలన్నీ ఒకే పరిమాణంలో, ప్రతి ముక్కకూ టెంక అంటిపెట్టుకుని, జీడి తీసి, లోపలి పల్చని పొర కూడా ఒలిచి ఉన్నాయి. పనితనంలో వంక పెట్టలేను. క్యాటరింగు కుర్రవాడు ఆవపిండి మాడిపోయేలా మిక్సీలో తిప్పి చేదు తెప్పించాడు కనుక అతని సంగతి అక్కడితో సరి. ఆ ఆవిడ మాత్రం మొదటి కాయ కోసి, కత్తి టెంకలోకి సులువుగా దిగిపోవడం చూసి దాన్ని పక్కన పడేశారు, తరువాత గంపంతా ఏరారు. ఉప్పు గుప్పిట్లో నొక్కి చూస్తే ముద్దయింది. "ఇది ఎండకుండా నేను కలపను, రేపు పెడతాను" అని చెప్పి, ఉప్పును పళ్లెంలో ఆరబోసి వెళ్లిపోయారు.

తడి ఉప్పుతో వచ్చే చేటు రెండు విధాలు. దానిలోని నీరు జాడీలోకి చేరుతుంది. పైగా అదే గిన్నెతో కొలిచినా ఆ గిన్నెలో అసలు ఉప్పు తక్కువే ఉంటుంది. ఆవపిండి, కారం, ఉప్పు సమానం అని ఇంటింటా చెప్పుకునే కొలత అక్కడే తప్పిపోతుంది. ఉప్పు తగ్గిన చోట ముక్క మెత్తబడుతుంది, నూనె తేలని చోట బూజు పడుతుంది. టెంక ముదరని ముక్క ఉప్పు సరిపోయినా గట్టిగా నిలవదు. ఇవేవీ మొదటి వారంలో నాలుకకు తెలియవు.

నన్ను నిద్రపోనివ్వనిది కూడా అదే. మూడో రోజు తిరగకలిపి, జాడీలకు పేర్లు కాక అంకెలు వేసి, మా ఆవిడకు, ముక్కలు కొట్టే ఆడవాళ్లకు రుచి చూపిస్తే ఎక్కువమంది మేనల్లుడి జాడీయే బాగుందన్నారు. నిజంగానే బాగుంది. ఆ సాయంత్రం అక్క ఇంట్లో స్వీట్లు పంచారని విన్నాను. ఉద్యోగం మాత్రం నేను ఆ ఆవిడకు ఇచ్చాను. "ఓట్లు వేయించి, ఓడిపోయాక నియమం మార్చావు" అని బావగారు నలుగురిలో అన్నారు. ఆ మాట ఇప్పటికీ ముల్లులాగా గుచ్చుకుంటూనే ఉంది, ఎందుకంటే నియమం ముందే రాసిందని ఆయనకు తెలుసు. నేను వెతికింది రుచిగా కలిపేవారిని కాదు, సరుకు బాగాలేనప్పుడు యజమాని మొహం మీద "కలపను" అనగలిగేవారిని. మేనల్లుడిని ఉప్పు సంగతి అడిగితే, "చూశాను, కానీ మామయ్య ఇచ్చిన ఉప్పు కదా అని ఊరుకున్నాను" అన్నాడు. అతనిలోని మర్యాదే ఈ పనికి పనికిరాలేదు. రేపు అతను ఆలస్యంగా వస్తే నేను అడగలేను, నేను చెడ్డ సరుకు తెస్తే అతను అడగలేడు. మధ్యలో నష్టపోయేది మీరు, అతనితో సమానంగా పనిచేసినా మాట పడే ఆడకూలీలు.

ఆ మూడు జాడీలనూ దాచి ఉంచాను. నెల తిరగకుండానే మేనల్లుడి జాడీలో ముక్క మెత్తబడి, అంచున తెల్లటి పొర కట్టింది. దానిని బావగారికి చూపించబోలేదు. చూపించినా మూత నేనే తీసి పెట్టానంటారు.

బయటివారికి కొలత చెబితే రేపు ఎదురుగా దుకాణం పెడతారని మా ఆవిడ భయం. కొలత ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. కాయ ఏరడం నేర్చుకున్నవారు దుకాణం పెడితే పెట్టనివ్వండి.

బావగారు తాను ఇచ్చిన సొమ్ము వెనక్కి అడిగారు. ఇచ్చేశాను. అది ఈ సీజన్ కాయ కొనడానికి అట్టేపెట్టిన డబ్బు కనుక, తొలివారాల్లో తీసుకోవలసిన కాయలో సగమే తీసుకోగలిగాను. వానలు పడ్డాక కాయ నీరు పట్టి ఆవకాయకు ఒప్పదు కాబట్టి, అప్పు తెచ్చి ఆ కాయ కొనదలచుకోలేదు. మనిషికి రెండు కిలోలన్న పరిమితి అందుకే. ధర పెంచలేదు, పెంచను. ఖాతా మీద ఇచ్చే పద్ధతి మాత్రం ఈ ఏడాదికి ఆపాను. అందులో నా చుట్టాలకు కూడా మినహాయింపు లేదు, వాళ్లకూ అది నచ్చలేదు.

ఇంకొక మాట. "కొత్తావిడ ఎవరు, మనవాళ్లేనా?" అని కొందరు గొంతు తగ్గించి అడుగుతున్నారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో కులాన్ని బట్టి, వంశాన్ని బట్టి వివక్ష చూపకూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతుంది, నా దుకాణానికి అది వర్తించదు. అయినా అక్క కొడుకునే కాదన్నవాణ్ణి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పను. ఆవిడకు అంతకుముందు పెద్దావిడకు ఇచ్చిన జీతమే ఇస్తున్నాను. ఆవిడ పనిని చూడాలనుకునేవారు కాయ కోసే రోజుల్లో ఉదయం వచ్చి చూడవచ్చు. ఏరి పక్కన పెట్టిన కాయలు గుమ్మం పక్కన గంపలో ఉంటాయి, పప్పులోకి కావాలంటే ఊరికే తీసుకువెళ్లండి.

మాగాయ ముక్కలు ఎండుతున్నాయి. ఎండ సరిగా కాస్తేనే అమ్మకానికి పెడతాను, ఎప్పుడన్నది ఆవిడ చెబుతారు.