కార్డు వెనక అచ్చేసిన లెక్క

సంపాదకులు గారికి,

లాటరీ స్క్రాచ్ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ‘గెలిచే అవకాశం 4లో 1’ అన్నట్టు ఒక అంకె ఉంటుంది. అది అబద్ధం కాదు. కాకపోతే అది కార్డులన్నీ అచ్చయి, ఒక్కటీ అమ్ముడుపోని రోజు నాటి లెక్క.

ఒక ఆటకు 10 లక్షల కార్డులు వేశారనుకుందాం. 2.5 లక్షల కార్డులకు ఏదో ఒకటి తగులుతుంది. వాటిలో 1.5 లక్షల కార్డులకు వచ్చేది టికెట్ డబ్బే. జేబులోంచి తీసింది మళ్లీ జేబులోకి చేరితే దాన్నీ గెలుపు కిందే రాసుకుంటారు! మొదటి బహుమతులు మాత్రం నాలుగే, అంటే 2.5 లక్షల్లో ఒకటి.

ఇప్పుడు 8 లక్షల కార్డులు అమ్ముడయ్యాయి, ఆ నాలుగూ ఎవరెవరో పట్టుకుపోయారు. మిగిలిన 2 లక్షల కార్డులను ఎంత గీకినా మొదటి బహుమతి రాదు. అయినా ‘4లో 1’ చెక్కుచెదరదు. చిన్న బహుమతులను కట్టకట్టకూ ఇంచుమించు సమంగా పడేట్టు అచ్చువేస్తారు కాబట్టి, ఆ లక్షల్లోంచి పెద్దవి నాలుగు పోయినా తేడా కనిపించదు. కార్డు మీద పెద్ద బహుమతి బొమ్మ చూసి కొన్నవాడు మోసపోయేది ఇక్కడే. అదే 8 లక్షలు అమ్మినా నాలుగూ లోపలే ఉంటే, అవకాశం 50 వేలలో ఒకటికి పెరుగుతుంది.

చాలామంది పొరబడే సంగతి ఇంకొకటుంది. కార్డులు తరిగినంత మాత్రాన మన అవకాశం మారదు. పేకలో సగం ముక్కలు చూడకుండా పక్కన పెట్టేస్తే, తర్వాత తీసే ముక్క ఇస్పేటు ఆసు అయ్యే అవకాశం 52లో ఒకటే. పక్కన పెట్టిన వాటిలో ఆసు ఉందో లేదో చూసినప్పుడే లెక్క మారుతుంది. కాబట్టి ‘ఇన్నాళ్లూ రాలేదు, ఇక రావాల్సిందే’ అనే దుకాణం ముందు జోస్యానికి విలువ లేదు. ఏవి పోయాయో తెలియాలి.

కొన్ని లాటరీ సంస్థలు మిగిలిన పెద్ద బహుమతుల సంఖ్యను వెబ్‌సైటులో పెడతాయి. ఎన్ని కార్డులు మిగిలాయో కూడా చెప్పకపోతే అది సగం లెక్కే. పైగా ‘మిగిలింది’ అంటే ఎవరూ వచ్చి తీసుకోలేదనే అర్థం. ఆ కార్డు అమ్ముడైపోయి ఎవరి సొరుగులోనో పడి ఉండొచ్చు.

కాబట్టి అమ్మే చోటనే, తేదీతో సహా, మిగిలిన మొదటి బహుమతులనూ మిగిలిన కార్డులనూ పక్కపక్కనే రాయించాలి. టికెట్ డబ్బు తిరిగొచ్చే కార్డులను గెలుపు లెక్కలోంచి విడదీసి చూపించాలి. చివరి మొదటి బహుమతి చెల్లించిన రోజే ఆ కార్డుల అమ్మకం ఆపేయాలి.

– ఒక విశ్రాంత లెక్కల మాస్టారు