మూత బిగించిన జీవామృతం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మిద్దెతోటల మీద వచ్చిన వ్యాసం చదివాను. పాలకూరకు, కొత్తిమీరకు వారానికోసారి ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన జీవామృతం చల్లమని, తయారు చేసుకోలేనివారు లీటరు సీసా కొనుక్కోవచ్చని అందులో రాశారు. మట్టి పరీక్షల ప్రయోగశాలలో పాతికేళ్లు పనిచేసి రిటైరైన నాకు ఈ రెండు సలహాల మీదా అభ్యంతరం ఉంది.

ముందు సీసా సంగతి. నిరుడు వేసవిలో మా వీధి చివర మొక్కల దుకాణంలో నేనూ ఒకటి కొన్నాను. ప్లాస్టిక్ సీసా పొట్ట అప్పటికే ఉబ్బి ఉంది. మూత తిప్పగానే బుస్సుమని పొంగి వంటింటి గోడ దాకా చిమ్మింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన రెండు రోజులు పోలేదు. సీసా మీద ఆవు బొమ్మ అందంగా వేశారు గానీ తయారుచేసిన తేదీ వేయలేదు.

అది అలా పొంగడానికి కారణం ఉంది. ఎకరానికి వాడే జీవామృతంలో 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలుపుతారు. బెల్లం అందగానే పేడలోని, మట్టిలోని సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, నీటిలో కరిగిన ప్రాణవాయువును అంతే వేగంగా ఖర్చు చేస్తాయి. డ్రమ్ముకు మూత బిగించకుండా గోనెపట్టా కప్పి, ఉదయం సాయంత్రం కర్రతో కలియదిప్పమనేది అందుకే. సీసాలో ఆ గాలి ఉండదు. గాలి కావలసినవి అణగిపోతాయి, గాలి లేకుండా బతికేవి పులియబెట్టి ఆమ్లాలు, వాయువులు వదులుతాయి. నురగ కట్టి పుల్లటి వాసన వేస్తే ద్రావణం సవ్యంగా ఉన్నట్టు. గుడ్డు కంపు వస్తే పారబోయడమే. జీకేవీకే ప్రాంగణంలోని మన బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు లెక్కించినప్పుడు జీవామృతంలో సూక్ష్మజీవుల సంఖ్య 9 నుంచి 12వ రోజు మధ్య గరిష్ఠానికి చేరింది. అంటే ఇది రోజుల లెక్కన వాడుకోవలసిన సరుకు, నెలల తరబడి అరలో నిలవ పెట్టేది కాదు.

ఇక అది మొక్కకు ఏమిస్తుంది? నా వృత్తి అలవాటు కొద్దీ లెక్క వేశాను. పేడ, మూత్రం, పిండి మూడింటిలో కలిపి 200 లీటర్లకు సుమారు 200 గ్రాముల నత్రజని వస్తుంది. అర కిలో యూరియాలో ఉన్నంత కూడా కాదు. ఎకరా వరికి సిఫారసు చేసేది 40 కిలోల పైచిలుకు. కాబట్టి జీవామృతం ఎరువు కాదు. అది చేయగలిగిందల్లా మట్టిలో ముందే ఉన్న సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టే జీవులను కదిలించడం. పొలంలో ఆకులు, గడ్డి ఆచ్ఛాదనగా పరుస్తారు కాబట్టి ఖర్చయిన పదార్థం కొంత తిరిగి చేరుతుంది. కుండీలో ఉన్న మట్టే పది కిలోలు. కంపోస్టు వేయకుండా జీవామృతం మాత్రమే పోస్తూ పోతే ముందు అడుగు ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, అది నత్రజని కొరత. అప్పుడు ఇంకో సీసా కొనడం పరిష్కారం కాదు.

దీన్నిబట్టి ఈ పద్ధతి అంతా బూటకమని నేను అనడం లేదు. విత్తనానికి పట్టించే బీజామృతం నుంచి ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వేరుచేసిన బాక్టీరియా సోయా మొలకల ఎదుగుదలను మెరుగుపరిచింది. విత్తనం మీద చోటు చాలా తక్కువ, అక్కడ కొత్తగా వచ్చిన జీవి నిలదొక్కుకోగలదు. ఎకరా నేలలో అప్పటికే ఉన్న అసంఖ్యాక జీవుల మధ్య 200 లీటర్లు పోయడం వేరు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఆకుకూరల సలహా. పేడలో మేలు చేసేవే ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇ.కోలి, సాల్మొనెల్లా కూడా ఉండవచ్చు, బెల్లం వాటికీ తీపే. 48 గంటల పులియబెట్టడం వాటిని నమ్మకంగా చంపదు. వేడెక్కి మాగిన కంపోస్టు వేరు, ఇది వేరు. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల్లో, మట్టిని తాకే పంటకైతే పచ్చి పేడ వేశాక 120 రోజులు ఆగి కోయాలి. మన పాలకూర నెల, నెలన్నరకే కోతకొస్తుంది. పాలకూర ఉడుకుతుంది కాబట్టి సరే, కోసంబరిలో పచ్చిగా వేసే కొత్తిమీర మాటేమిటి? వంగకు, మిరపకు మొదలు దగ్గర పోసుకోండి, ఆకుల మీద వద్దు. ఆకుకూరలకు మాగిన కంపోస్టు చాలు.

రైజోబియం వంటి ద్రవ జీవ ఎరువులకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల జీవకణాలు ఉండాలంటుంది, గడువు తేదీ అడుగుతుంది. జీవామృతం అమ్మేవాళ్లను కనీసం తయారీ తేదీ, పచ్చిగా తినే ఆకుల మీద చల్లరాదన్న హెచ్చరిక అచ్చు వేయమని ఉద్యాన శాఖ ఆదేశించాలి. అది ఎప్పటికవుతుందో గానీ, కొత్తిమీర విషయంలో సవరణ మాత్రం వచ్చే ఆదివారమే వేయండి. వ్యాసం చదివి ఈ వారం చల్లినవాళ్లు వచ్చే వారం కోసుకుంటారు.

— మట్టి పరీక్షల విశ్రాంత ఉద్యోగిని, రామమూర్తి నగర్, బెంగళూరు