విషయం: కాల్ లిఖిత ప్రతి నుంచి మీరు తీసిచ్చిన పట్టికలో తప్పులు, పట్టించుకోని పొంతన లేని మాటలు

తేదీ: 12-03-2025

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

మా కొనుగోళ్ళ విభాగం ఫోను సంభాషణల లిఖిత ప్రతులను మీకు పంపుతుంది. వాటిలోని మొత్తాలు, తేదీలు, పరిమాణాలు పట్టికగా తీసి, ఒకే విషయంపై రెండు రకాల మాటలు వస్తే గుర్తు పెట్టి ఇవ్వడం మీతో చేసుకున్న ఒప్పందం. మార్చి 3, సోమవారం నాటి కాల్‌కు మీరు ఇచ్చిన పట్టిక వల్ల జరిగిన నష్టాన్ని మీ దృష్టికి తెస్తున్నాను.

అది గోడ గడియారాల బేరం. కాల్‌లో 2:10 నిమిషాల దగ్గర మా ఉద్యోగి "పన్నెండు పెట్టెలు కావాలి" అన్నారు. 6:40 దగ్గర సరఫరాదారు "ఒక్కో పెట్టెలో పది, అంటే నూట ఇరవై" అని లెక్క చెప్పారు. 8:55 దగ్గర ఆయనే నోరు జారి "సరే, ఆ నూట ఇరవై పెట్టెలూ ఎల్లుండి పంపిస్తాం" అన్నారు. మనుషులు ఫోనులో ఇలాగే మాట్లాడతారు; ఆ క్షణంలో మా వాళ్ళూ గమనించలేదు. గమనించడానికే కదా మీరున్నది!

మీ పట్టికలో మాత్రం "పరిమాణం: 120 పెట్టెలు" అని ఒక్క వరుస ఉంది. గుర్తు లేదు. దాన్ని నమ్మి ఆర్డరు పంపాం. మర్నాడు సరఫరాదారు గుమాస్తా ఫోను చేసి, "పదిహేను లక్షల సరుకు అడుగుతున్నారా?" అన్నప్పుడు మాకు తల తీసేసినట్లయింది. అదే కాల్‌లో ఒక్కో గడియారం పన్నెండు వందల యాభై అని, మొత్తం లక్షన్నర అని స్పష్టంగా ఉంది. 1,250ని 120తో హెచ్చిస్తే సరిగ్గా 1,50,000. అంటే 120 గడియారాల సంఖ్యే గానీ పెట్టెలది కాదని పట్టికలోని అంకెలే చెబుతున్నాయి. ఆ ఒక్క గుణకారం చేసి చూసినా సరిపోయేది.

మీ ప్రతినిధిని అడిగితే, "చివరిసారి చెప్పిన విలువనే తీసుకుంటాం" అన్నారు. ఒకరు "పది... కాదు, పన్నెండు" అని సవరించుకున్నప్పుడు ఆ పద్ధతి సరైనదే. కానీ సవరణకు "కాదు", "మార్చండి" వంటి మాటో, అవతలివారి ఒప్పుకోలో ఉంటుంది. 8:55 దగ్గర అవేవీ లేవు. అలాంటప్పుడు ఏది నిజమో తేల్చడం మీ పని కాదు, రెండూ మా ముందు పెట్టడమే మీ పని.

తేదీ విషయం ఇంకా విచిత్రం. సోమవారం అన్న "ఎల్లుండి" బుధవారం, అంటే మార్చి 5. మీరు లిఖిత ప్రతి అందిన 4వ తేదీ నుంచి లెక్కించి 6 అని రాశారు. 9:20 దగ్గర మా వాళ్ళు "గురువారానికి మాకు చేరాలి" అన్నారు. అదీ 6వ తేదీయే. రెండూ ఒకటేననుకుని "పంపే తేదీ: 06-03-2025" అని కలిపేశారు, చేరే తేదీ మాయమైంది. గుమాస్తా ఫోనులో తేదీ ప్రస్తావన రాలేదు. గురువారం లారీ వచ్చేసరికి గోదాములో దింపుకునేవారు లేరు. లారీ వెనక్కి వెళ్ళింది, ఆ కిరాయి మా మీద పడింది.

ఇంతకీ ఈ పట్టికలో మీరు పెట్టిన ఏకైక గుర్తు ఏమిటో తెలుసా? "లక్షన్నర", "లక్షా యాభై వేలు" వేర్వేరు మొత్తాలని!

పరిమాణానికి మాకు కావలసినది ఈ రూపం:

| సమయం | ఎవరు | అన్న మాట | విలువ | ప్రమాణం | గుర్తు |
|---|---|---|---|---|---|
| 2:10 | మేము | పన్నెండు పెట్టెలు | 12 | పెట్టె | |
| 6:40 | వారు | ఒక్కో పెట్టెలో పది, నూట ఇరవై | 120 | గడియారం | సరిపోయింది |
| 8:55 | వారు | నూట ఇరవై పెట్టెలూ | 120 | పెట్టె | 2:10తో పొంతన లేదు |

ప్రతి ప్రస్తావనకూ ఒక వరుస ఉండాలి. అన్న మాట యథాతథంగా ఉంటే ఎవరు తప్పారో మేమే చూసుకుంటాం. "ఎల్లుండి", "గురువారం" వంటి వాటిని కాల్ జరిగిన రోజు నుంచే లెక్కించాలి. పంపడం, చేరడం వేర్వేరు వరుసల్లో ఉండాలి.

లారీ తిరుగు కిరాయి రూ. 4,500, ఈ కాల్‌కు తీసుకున్న రుసుము వాపసు చేయాలి. ఫిబ్రవరి నుంచి పంపిన 38 కాల్‌ల పట్టికలను పై రూపంలో మళ్ళీ తయారుచేసి మార్చి 26లోగా ఇవ్వాలి. వాటిలో కొన్నింటి ఆధారంగా ఇంకా చెల్లింపులు జరగాల్సి ఉంది, అవి వచ్చేవరకు ఆపి ఉంచాం. లిఖిత ప్రతి, మీ పట్టిక, కిరాయి రసీదు నకళ్ళు జత చేస్తున్నాను.

ఇట్లు,
కొనుగోళ్ళ విభాగం బాధ్యుడు