ఏసీ ప్యాకేజీల షరతులు కూడా తెలుగులోనే, పెద్ద అక్షరాల్లోనే వేయాలి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదరక ముందే పేపరు మడతల్లోనూ లిఫ్టు పక్క గోడల మీదా ఏసీ సర్వీసింగ్ కరపత్రాలు వచ్చేశాయి. ‘ఏడాదికి మూడు సర్వీసులు, గ్యాస్ చెకింగ్ ఉచితం, రూ.1,999 మాత్రమే’ అన్నది ఈసారి మా వీధిలో తిరిగిన ప్రకటన. ఐటీఐలో ఏసీ మెకానిక్ ట్రేడు చెప్పి రిటైరైన వాడిని కనుక, ఆ వాక్యంలో చెప్పకుండా వదిలేసినవి ఏమిటో రాస్తున్నాను.

ముందు ఆ మూడు సర్వీసుల సంగతి. కాంట్రాక్టు మార్చి 15న మొదలైందనుకోండి. నాలుగు నెలలకోసారి అంటే మెకానిక్ వచ్చేది మార్చి, జూలై, నవంబరు నెలల్లో. ఏసీ రాత్రీ పగలూ తిరిగే ఏప్రిల్, మేలలో ఎవరూ రారు. మళ్లీ వేసవికి ముందు, ఫిబ్రవరిలో చేయించుకుందామంటే విజిట్లు అయిపోయి ఉంటాయి. సీజన్లో మనుషులు దొరకని కంపెనీకి ఇది అనుకూలమే, డబ్బు కట్టినవాళ్లకు కాదు. విజిట్ ఏ నెలలోనో కాగితం మీద ఉండాలి: ఫిబ్రవరి చివర ఒకటి, మే మధ్యలో ఒకటి, వానలు తగ్గాక అక్టోబరులో ఒకటి.

సర్వీసు అంటే ఏం చేస్తారన్నదీ రాయరు. ఫిల్టర్లు దులిపి, అవుట్‌డోర్ యూనిట్ మీద గాలి కొట్టి పావుగంటలో వెళ్లిపోతే అది డ్రై సర్వీసు. ఫిల్టర్లను రెండు వారాలకోసారి ఇంట్లోవాళ్లే కుళాయి కింద కడుక్కోవచ్చు, దానికి మెకానిక్ అక్కర్లేదు. డబ్బిచ్చి చేయించుకోవాల్సింది వెట్ సర్వీసు. ఇండోర్ యూనిట్ కింద సంచి కట్టి, ప్రెషర్ పంపుతో కూలింగ్ కాయిల్, బ్లోయర్, డ్రెయిన్ ట్రే కడిగి, నీటి పైపు శుభ్రం చేసి, ఆపైన అవుట్‌డోర్ కాయిల్ కూడా కడగాలి. మూడింటిలో ఎన్ని వెట్ సర్వీసులో అడిగి చూడండి, చాలామంది ఒక్కటే అంటారు.

అసలు ఖర్చు ‘గ్యాస్ చెకింగ్ ఉచితం’ దగ్గర మొదలవుతుంది. ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. మా అపార్ట్‌మెంట్లో ఒకరి 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీకి మొదటి విజిట్లోనే, ఇంకా కడగకముందే, గేజి పెట్టి గ్యాస్ తక్కువగా ఉందని చెప్పి రూ.2,500 తీసుకుని కొంత నింపారు. మేలో చల్లదనం మళ్లీ తగ్గితే మళ్లీ అంతే మొత్తానికి ఇంకోసారి నింపారు. ప్యాకేజీతో కలిపి రూ.6,999 అయింది. తీరా చూస్తే అవుట్‌డోర్ యూనిట్ దగ్గర గ్యాస్ పైపును బిగించే ఫ్లేర్ నట్టు చుట్టూ నూనె మరక ఉంది. లీకుకు అదే గుర్తు, సబ్బు నురగ రాస్తే బుడగలు వచ్చాయి. పైపు చివరను గరాటులా విప్పి కొత్తగా ఫ్లేర్ చేసి, నైట్రోజన్‌తో ప్రెషర్ పరీక్ష పెట్టి, పైపుల్లో గాలి మిగలకుండా పంపుతో లాగేసి, యూనిట్ ప్లేటు మీద రాసి ఉన్న బరువు ప్రకారం తూచి గ్యాస్ నింపాక గానీ తిన్నగా పనిచేయలేదు.

ఇండోర్ యూనిట్‌లోని కూలింగ్ కాయిల్‌కు మురికి పట్టినా గేజిలో ప్రెషర్ తక్కువ చూపిస్తుంది. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగాన్ని బట్టి కూడా ప్రెషర్ మారుతుంటుంది. అందుకే కడిగి, పదిహేను నిమిషాలు నడిపి, లోపలికి పీల్చే గాలికీ బయటికి వదిలే గాలికీ తేడా చూడాలి. ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీలు ఉంటే సాధారణంగా గ్యాస్ జోలికి పోనక్కర్లేదు.

ప్రకటన ఇలా ఉంటే ఎవరికీ పేచీ ఉండదు:

‘ఒక స్ప్లిట్ ఏసీకి ఏడాది కాంట్రాక్టు. ఫిబ్రవరి, మే, అక్టోబరుల్లో మూడు విజిట్లు, మూడూ వెట్ సర్వీసులే. మధ్యలో చెడిపోతే చూడటానికి ఛార్జీ లేదు. కెపాసిటర్, పీసీబీ, గ్యాస్ ధరలు అదనం, పట్టిక వెనక ఉంది. లీకు సరిచేయకుండా గ్యాస్ నింపం. జీఎస్టీ కలిపి ధర ఇంత. మేం రాలేకపోయిన విజిట్‌కు డబ్బు వాపసు.’

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, షరతు కూడా ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అదే ఫాంట్‌లో ఉండాలి. మా వీధి కరపత్రంలో ధర తెలుగులో బొటనవేలంత ఉంది, ‘విడిభాగాలు, గ్యాస్ వర్తించవు’ అన్నది మాత్రం అడుగున ఇంగ్లిష్‌లో చీమ తలకాయంత ఉంది. ఇలాంటివాటిపై 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. మీ పత్రిక కూడా వర్గీకృత ప్రకటనల కాలమ్‌లో ఏసీ ప్యాకేజీల ప్రకటన తీసుకునేటప్పుడే, విజిట్ల నెలలూ మినహాయింపులూ తెలుగులో రాసి ఇమ్మని అడిగితే బాగుంటుంది.

– విశ్రాంత ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్, విజయవాడ